గానుగ గుమ్మంలోకి వచ్చిన కొటేషన్

పావగడ తాలూకా మ్యాపు చూస్తే కర్ణాటక నుంచి ఒక ముక్క ఆంధ్రలోకి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. మూడు పక్కలా పాత అనంతపురం జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఈ తాలూకాలోని వల్లూరు, తిరుమణి, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు, ఈ అయిదూళ్ల పొలాల్లోనే సుమారు 13,000 ఎకరాల సోలార్ పార్కు వెలిసింది. రైతులు భూమి అమ్ముకోలేదు, కౌలుకిచ్చారు. మొదట్లో కౌలు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. భూమి ఉన్నవాళ్ల చేతికి డబ్బొచ్చింది. ఆ భూమిలో కూలికి పోయేవాళ్ల చేతికి ఏమొచ్చిందన్నది వేరే కథ, అది ఇక్కడ తేలదు.

అలా కౌలు డబ్బు కూడబెట్టి వల్లూరులో ఒకాయన కట్టె గానుగ పెట్టాడనుకుందాం. శెనక్కాయ నూనె తీస్తాడు. సరుకు మంచిదే, ఊళ్లోవాళ్లు కొంటున్నారు. పావగడలోనూ, మడకశిర వైపూ అమ్ముకోవాలని ఆశ. ఒక సోషల్ మీడియా ఏజెన్సీ వాట్సాప్‌లో ఒక పేజీ కొటేషన్ పంపింది. ఇలాంటి కొటేషన్లలో మళ్లీమళ్లీ కనపడే మాటలు ఏరి, ఒకచోట చేర్చితే ఆ కాగితం ఇలా ఉంటుంది: «బ్రాండ్ గ్రోత్ ప్యాకేజి. నెలకు 20,000, యాడ్ బడ్జెట్ సహా. గ్యారంటీగా నెలకు 10,000 ఫాలోవర్లు. 10 లక్షల రీచ్. నెలకు 12 పోస్టులు, 4 రీల్స్. గూగుల్‌లో ఫస్ట్ ప్లేస్. ఖాతాలన్నీ మేమే తెరిచి నడుపుతాం. వందకు పైగా సంతృప్తి చెందిన క్లయింట్లు. ఆరు నెలల ఒప్పందం, మూడు నెలల అడ్వాన్స్.»

నెలకు 20,000 అంటే ఒక ఎకరం ఏడాది కౌలు దాదాపుగా ఒక్క నెలలో పోతుంది. అందుకే ఈ కాగితాన్ని మాట మాటా విప్పి చూడాలి. చూసేటప్పుడు ప్రతి మాట దగ్గరా అడగాల్సింది ఒకటే: ఈ పని జరగడం, జరగకపోవడం ఎవరి చేతుల్లో ఉంది?

«గ్యారంటీగా నెలకు 10,000 ఫాలోవర్లు»

ఒక మనిషి ఒక పేజీని ఫాలో కావాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం. అది ఏజెన్సీ చేతిలో లేదు. చేతిలో లేనిదాన్ని గ్యారంటీ ఇస్తున్నారంటే రెండే దారులు: అబద్ధమైనా చెబుతూ ఉండాలి, ఫాలోవర్లను కొనైనా తేవాలి. ఇది బాగా పాతబడిన వ్యాపారం. అమెరికాలో దెవూమి అనే సంస్థ ఇలాగే నకిలీ ఫాలోవర్లను అమ్మింది. 2018 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఆ గుట్టు బయటపెట్టింది. 2019లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థ యజమాని మీద 25 లక్షల డాలర్ల తీర్పు తెచ్చుకుంది. మన దేశంలోనూ 2020 జులైలో, గాయని భూమి త్రివేది తన పేరుతో ఎవరో నకిలీ ప్రొఫైల్ నడుపుతున్నారని ఫిర్యాదు చేస్తే, ఆ తీగ లాగిన ముంబై పోలీసులకు నకిలీ ఫాలోవర్ల డొంక దొరికింది.

కొన్న ఫాలోవర్లతో గానుగకు వచ్చే నష్టం పోలీసు కేసు కాదు. అంతకంటే మెల్లగా, ఎవరికీ తెలియకుండా జరిగేది. ఇన్‌స్టాగ్రామ్ ఒక పోస్టును అందరికీ ఒకేసారి చూపదు. మొదట కొందరికి చూపి, వాళ్లు ఆగి చూశారా, ఇంకొకరికి పంపారా అన్నది గమనిస్తుంది. ఆ మొదటి కొందరిలో ఎక్కువమంది ప్రాణం లేని ఖాతాలైతే, ఎవరూ చూడలేదన్న లెక్క తేలుతుంది. పోస్టు అక్కడే ఆగిపోతుంది. అంటే డబ్బు పెట్టి మన పోస్టుల నోరు మనమే కట్టుకున్నట్టు.

పసిగట్టడం కష్టమేమీ కాదు. ఆ ఏజెన్సీ నడుపుతున్న వేరే పేజీ ఒకటి తెరవండి. 40,000 మంది ఫాలోవర్లున్న నూనె కంపెనీ పోస్టుకు పదిహేను లైకులు, కింద కామెంట్లలో నిప్పు బొమ్మలు, చప్పట్ల బొమ్మలు తప్ప «లీటరు ఎంత?», «హిందూపురం పంపుతారా?» అన్న ప్రశ్న ఒక్కటీ లేకపోతే అక్కడ మనుషులు లేరు. నూనె కొనేవాడు ధర అడక్కుండా ఉండడు. ఏజెన్సీ ముందు కూర్చున్నప్పుడైతే, వాళ్ల క్లయింటు ఖాతా ఇన్‌సైట్స్‌లో ఫాలోవర్లు ఏ ఊళ్లవాళ్లో చూపించమనండి. తుమకూరులో వ్యాపారం, ఫాలోవర్లు వేరే దేశాల్లో ఉన్నారంటే ఇంక మాట్లాడేదేమీ లేదు.

«10 లక్షల రీచ్»

2011 జనాభా లెక్కల్లో పావగడ తాలూకా మొత్తం జనాభా పసిపిల్లలతో సహా దాదాపు రెండున్నర లక్షలు. 10 లక్షల రీచ్ అంటే ఇలాంటి తాలూకాలు నాలుగు. ఆ మందిని ఎక్కడినుంచి తెస్తారు? అడిగితే సమాధానం రెండు రకాలుగా ఉంటుంది.

ఒకటి, రీచ్ అని రాసి వ్యూస్ చూపించడం. రీచ్ అంటే ఎన్ని ఖాతాలకు చేరింది అన్న లెక్క. ఒకరు పదిసార్లు చూసినా ఒకటే. వ్యూస్‌లో మళ్లీ చూస్తే మళ్లీ లెక్క పడుతుంది. 2024 నుంచి ఇన్‌స్టాగ్రామ్ కూడా వ్యూస్‌నే ముందు పెట్టి చూపిస్తోంది కాబట్టి స్క్రీన్‌షాట్‌లో ఆ పెద్ద అంకె తేలిగ్గా దొరుకుతుంది. కాగితం మీద ఏ అంకె ఒప్పుకున్నారో నెలాఖరు రిపోర్టులో అదే అంకె ఉండాలి.

రెండోది ఇంకా ఖరీదైన తప్పు. యాడ్ ఎక్కడ తిరగాలో సరిగా పెట్టకపోవడం. దేశమంతా తిప్పితే తక్కువ డబ్బుతో ఎక్కువ రీచ్ వస్తుంది. బిహార్‌లో ఒకాయన వల్లూరు నూనె వీడియో చూస్తాడు, సంతోషం, కానీ కొనడు. «కర్ణాటక» అని పెట్టినా తప్పే. బీదర్‌లో కనపడుతుంది, పావగడకు ఆనుకునే ఉన్న రొద్దంలో కనపడదు. మెటా యాడ్స్ మేనేజర్‌లో మ్యాపు మీద ఒక చోట సూది గుచ్చి, దాని చుట్టూ ఇన్ని కిలోమీటర్లని గీత గీయొచ్చు, 80 వరకూ. వల్లూరు మీద గుచ్చి 40 పెడితే రాష్ట్ర సరిహద్దుతో పనిలేకుండా నిజంగా బండిమీద డబ్బా పంపగల ఊళ్లు వస్తాయి.

అందుకే ఏజెన్సీవాళ్లను పరీక్షించడానికి ఒక ప్రశ్న చాలు: «మా యాడ్ ఏ ఊళ్లలో తిప్పుతారు?» మ్యాపు తెరిచి, మీరు డెలివరీ ఎక్కడిదాకా చేస్తారని తిరిగి అడిగినవాడు పని తెలిసినవాడు. «సార్, ఆల్ ఇండియా కవర్ చేస్తాం» అన్నవాడికి కాఫీ ఇచ్చి పంపేయొచ్చు.

«12 పోస్టులు, 4 రీల్స్»

కాగితం మొత్తంలో ఏజెన్సీ చేతిలో పూర్తిగా ఉన్న మాట ఇదొక్కటే. గ్యారంటీ అడగాల్సిందీ దీనికే. అయితే పన్నెండు అన్న అంకెలో ఏముందో చూడాలి. గణేశ చతుర్థి శుభాకాంక్షలు, కన్నడ రాజ్యోత్సవం, ఉగాది, మదర్స్ డే, ఇలా పండగ బొమ్మ మీద గానుగ లోగో అతికిస్తే నెలకు ఆరు పోస్టులు అలాగే అయిపోతాయి. ఆ బొమ్మ చూసి నూనె కొన్నవాళ్లు లోకంలో లేరు. పండగ పోస్టులు లెక్కలోకి రావని ముందే రాయించుకోండి.

రీల్స్ ఎవరు తీస్తారు? బెంగళూరు నుంచి పావగడకు నూట యాభై కిలోమీటర్ల పైమాటే. కెమెరా మనిషి నెలకు నాలుగుసార్లు అంత దూరం రాడు. ఒక్కసారి వచ్చి ఒక పూటలో నాలుగైదు వీడియోలు తీసుకుపోతాడు, అది న్యాయమైన పద్ధతే. రాకుండా ఇంటర్నెట్‌లో దొరికే గానుగ వీడియోలు కత్తిరించి వాడతామంటే మాత్రం వద్దనాలి. మన గానుగ కాని గానుగను చూపించి మన నూనె అమ్మడం కొనేవాణ్ణి మోసం చేయడమే.

భాష సంగతి బయటివాళ్లకు అసలు తోచదు. ఈ సీమలో తెలుగు మాట్లాడేవాళ్లలో చాలామంది, ముఖ్యంగా కుర్రవాళ్లు, చదువుకున్నది కన్నడంలో. తెలుగు వింటారు, తెలుగులో నవ్వుతారు, తెలుగు లిపి మాత్రం తడుముకుంటారు. రాష్ట్ర సరిహద్దు దాటి మడకశిరకు పోతే తెలుగు లిపే దిక్కు. కాబట్టి రీల్‌లో గొంతు తెలుగు, అదీ ఇక్కడి యాస. తెర మీద ధర, ఫోన్ నంబరు అంకెల్లో. కింద రెండు వరుసలు, ఒకటి కన్నడ, ఒకటి తెలుగు. హైదరాబాదు ఏజెన్సీకి ఇది చెప్పాలి. బెంగళూరు ఏజెన్సీకీ చెప్పాలి. పావగడలోనే ఫోన్‌తో పెళ్లి వీడియోలు తీసే కుర్రాడికి చెప్పక్కర్లేదు. ఫ్రీలాన్సర్లను ఎంచుకునేటప్పుడు ఆఫీసు అద్దాల కంటే ఇది ఎక్కువ పనికొస్తుంది.

ఇంకో మాట. రాసేవాడు ఉత్సాహంలో «కొలెస్ట్రాల్ తగ్గిస్తుంది, గుండెజబ్బు రాదు» అని రాస్తాడు. రాసింది వాడైనా యాడ్ మనది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారే 10 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు ఉంది. ఏ పోస్టైనా మీరు చూసి సరే అన్నాకే ఎక్కాలన్న వాక్యం ఒప్పందంలో ఉండాలి.

«నెలకు 20,000, యాడ్ బడ్జెట్ సహా»

ఈ «సహా» దగ్గర ఆగాలి. 20,000లో ఫేస్‌బుక్‌కు పోయేదెంత, ఏజెన్సీకి మిగిలేదెంత? చెప్పకపోతే 18,000 వాళ్ల జేబులో వేసుకుని 2,000తో యాడ్ నడిపినా మీకు తెలిసే దారి లేదు. రెండూ వేరువేరుగా రాయమనండి. యాడ్ డబ్బు మీ సొంత యూపీఐ నుంచో కార్డు నుంచో నేరుగా మెటాకు కట్టండి. రసీదు మీ పేరునే వస్తుంది, ప్రతి రూపాయీ కనపడుతుంది. దీనికి ఒప్పుకోని ఏజెన్సీ ఎందుకు ఒప్పుకోవడంలేదో ఊహించుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

సరే, 14,000 ఫీజు, 6,000 యాడ్ అని తేలిందనుకుందాం. లెక్క వేద్దాం. ఇందులో కొన్ని అంకెలు నేను ఊహించి పెట్టుకున్నవే. మీ గానుగకు మీవి వేసుకోండి.

6,000లో 18 శాతం జీఎస్టీ పోతే యాడ్‌కు మిగిలేది దాదాపు 5,085 రూపాయలు. వెయ్యిసార్లు చూపడానికి 80 రూపాయలు పడితే 63,000 సార్లకు పైగా కనపడుతుంది. వందమందిలో ఒకరు నొక్కితే 635 మంది. వాళ్లలో పదిమందికి ఒకరు వాట్సాప్‌లో మెసేజ్ పెడితే 63. అయిదుగురిలో ఒకరు కొంటే 12 ఇళ్లు. ఇంటికి రెండు లీటర్లు చొప్పున 24 లీటర్లు. లీటరు మీద 60 రూపాయలు మిగిలితే 1,440. పెట్టింది 20,000. వచ్చింది 1,440.

ఇక్కడ ఏజెన్సీవాళ్లు ఒక మాట అంటారు, అది నిజం కూడా: నూనె ఒక్కసారి కొని ఊరుకునే సరుకు కాదు. ఆ పన్నెండు ఇళ్లూ ఏడాదంతా నెలకు రెండు లీటర్లు తీసుకుంటే 288 లీటర్లు, 17,280 రూపాయలు. అప్పటికీ మొదటి నెల ఖర్చు తిరిగి రాలేదు, అందులోనూ ఒక్క ఇల్లూ జారిపోకూడదు. అదే ఫీజు 14,000 బదులు పావగడ కుర్రాడికి 5,000 ఇస్తే నెల ఖర్చు 11,000, ఏడాది తిరిగేసరికి ఆరువేలకు పైగా మిగులు. యాడ్ అదే, మ్యాపు అదే. మారింది ఫీజు ఒక్కటే.

ఇదే లెక్కను తిరగేసి కూడా చూడాలి. 20,000 ఆ నెలలోనే రావాలంటే అదనంగా 333 లీటర్లు అమ్మాలి. లీటరుకు రెండున్నర కిలోల పప్పు అనుకుంటే ఎనిమిది వందల కిలోలకు పైగా పప్పు ఆడించాలి. మీ గానుగ ఆడించగలదా? ఆడించలేకపోతే ఆ ప్యాకేజి ఎంత గొప్పగా పనిచేసినా మీకు నష్టమే. సరైన ఏజెన్సీ మొదటి ఫోన్‌లోనే «నెలకు ఎన్ని లీటర్లు తీయగలరు, లీటరు మీద ఎంత మిగులుతుంది?» అని అడుగుతుంది. అడగనివాళ్లకు మీ అమ్మకం అక్కర్లేదు, మీ ప్యాకేజి కావాలి.

ఇంకో చిన్న గుర్తు. యాడ్ ఎవరికి చూపితే మెసేజ్ వస్తుందో మెటా సిస్టమ్ నేర్చుకునే దశ ఒకటుంటుంది. మెటా చెప్పేదాన్నిబట్టి ఒక యాడ్ సెట్ ఆ దశ దాటాలంటే వారంలో సుమారు 50 ఫలితాలు రావాలి. పై లెక్కలో మనకు నెల మొత్తానికి 63. అంటే ఇంత చిన్న బడ్జెట్ ఆ దశలోనే కొట్టుమిట్టాడుతుంది, అది సహజం. ఇంత బడ్జెట్‌తో ఒక్క యాడ్ సెట్ పెట్టి నెలంతా కదిలించకుండా వదలడమే మేలు. «మీకోసం ఎనిమిది ఆడియన్స్‌లు వేరువేరుగా టెస్ట్ చేస్తాం» అని గొప్పగా చెబితే, 6,000ను ఎనిమిది ముక్కలు చేసి ఏ ముక్కా నేర్చుకోకుండా చేస్తారని అర్థం.

«గూగుల్‌లో ఫస్ట్ ప్లేస్»

గూగుల్‌లో మొదటి స్థానాన్ని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే తన సహాయ పేజీల్లో రాసి పెట్టింది. ఇంతకు మించి వ్యాఖ్యానం అనవసరం. కావలసిందల్లా గూగుల్ మ్యాప్స్‌లో గానుగ సరైన చోట ఉండడం. కడప జిల్లాలో వల్లూరు ఒక మండలమే. జనం వెతికితే అటు పోతారు. పేరు పక్కన పావగడ అని ఉండాలి, సూది గానుగ మీదే గుచ్చుకోవాలి. ఇది మీరే చేసుకోవచ్చు, పైసా ఖర్చులేదు. ఏజెన్సీవాళ్లు చేసినా ఓనరు మీరు, వాళ్లు మేనేజరు.

«ఖాతాలన్నీ మేమే తెరిచి నడుపుతాం»

వినడానికి ఎంత హాయిగా ఉందో అంత ప్రమాదకరమైన వాక్యం. ఫాలోవర్ల గ్యారంటీలో పోయేది డబ్బే. ఇక్కడ పోతే పేజీ పోతుంది, మెసేజ్ పెట్టిన ప్రతి కొనుగోలుదారు చిరునామా పోతుంది.

జరిగేది ఇలా. ఫేస్‌బుక్ పేజీకి, యాడ్ అకౌంటుకు పైన «బిజినెస్ పోర్ట్‌ఫోలియో» అని ఒక పెట్టె ఉంటుంది. పేజీ ఏ పెట్టెలో ఉందో ఆ పెట్టె యజమానిదే అసలు అధికారం. ఒక పేజీ ఒకే పెట్టెకు సొంతం కాగలదు. ఏజెన్సీవాళ్లు తమ పెట్టెలో పేజీ తెరిచి మీకు «ఎడిటర్» లాంటి అధికారం ఇస్తే, మీరు పోస్టులు పెట్టగలరు, కామెంట్లకు జవాబివ్వగలరు, అంతా మీదే అనిపిస్తుంది. ఏడాది తర్వాత విడిపోదామన్న రోజున వాళ్లు మీ పేరు తీసేస్తే పేజీ వాళ్లది. యాడ్ అకౌంటు ఇంకా గట్టి ముడి. ఒక పెట్టెలో పుట్టిన యాడ్ అకౌంటును ఇంకో పెట్టెకు మార్చే దారే లేదు. ఏ యాడ్‌కు ఎవరు మెసేజ్ పెట్టారన్న ఏడాది అనుభవమంతా అక్కడే ఉండిపోతుంది.

సరైన పద్ధతికి అరగంట చాలు. `business.facebook.com` తెరిచి, మీ ఫోన్ నంబరుతో, మీ పేరుతో పెట్టె మీరే తెరవండి. పేజీ, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా, యాడ్ అకౌంటు అందులోనే తెరవండి. ఇంట్లోవాళ్లను ఒకరిని కూడా పూర్తి అధికారంతో చేర్చండి, మీ ఫోన్ పోతే దారి ఉంటుంది. తర్వాత సెట్టింగ్స్‌లో `Partners` అన్నచోట ఏజెన్సీవాళ్లు ఇచ్చే బిజినెస్ ఐడీ నంబరు వేసి, పోస్టులు పెట్టే అధికారం, యాడ్ నడిపే అధికారం ఇవ్వండి. వద్దనుకున్న రోజు అక్కడే తీసేయొచ్చు. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ చెప్పాల్సిన పనే లేదు. పాస్‌వర్డ్ అడిగే ఏజెన్సీకి ఈ పార్ట్‌నర్ పద్ధతి తెలియకపోయి ఉండాలి, లేదా తెలిసీ వద్దనుకుని ఉండాలి.

వాట్సాప్ నంబరు దగ్గర కూడా ఇదే. యాడ్ నొక్కితే తెరుచుకునే నంబరు గానుగ నంబరే కావాలి. «మా నంబరుకు వస్తాయి, మేం వడగట్టి మంచివి మీకు పంపుతాం» అంటే, ఆ మెసేజ్‌లు ఇంకో నూనె వ్యాపారికి కూడా పంపగలరన్నమాట. అందరూ అలా చేస్తారని అనను. చేయగలిగే తాళంచెవి వాళ్ల చేతికెందుకు?

ఇప్పటికే ఏజెన్సీ చేతిలో పేజీ ఉన్నవాళ్లు గొడవ పడకముందే, సంబంధం బాగున్నప్పుడే, పేజీని తమ పెట్టెలోకి మార్పించుకోవాలి. బాకీ పెట్టుకుని అడిగితే ఇవ్వరు.

«వందకు పైగా సంతృప్తి చెందిన క్లయింట్లు»

వందమంది అక్కర్లేదు, ముగ్గురి పేర్లు చాలు. ఆ ముగ్గురినీ ఇంట్లో కూర్చునే పరిశీలించొచ్చు. `facebook.com/ads/library` అని టైప్ చేసి, దేశం ఇండియా, అన్ని రకాల యాడ్స్ అని ఎంచుకుని, ఆ క్లయింటు పేజీ పేరు వెతకండి. ఆ పేజీ ఇప్పుడు నడుపుతున్న యాడ్స్ అన్నీ, ఏ తేదీన మొదలయ్యాయో సహా కనపడతాయి. ఎవరైనా చూడొచ్చు, లాగిన్ కూడా అక్కర్లేదు. «ఈ క్లయింటుకు నెలనెలా యాడ్స్ నడుపుతున్నాం» అన్నారు, అక్కడ ఒక్క యాడ్ లేదు అంటే అడగాలి. వల్లూరుకు దగ్గరి ఉదాహరణ అడగండి: పల్లెలో తయారయ్యే తిండి సరుకు ఏదైనా అమ్మారా? పట్నంలో బ్యూటీ పార్లర్‌కు చేసిన పని ఇక్కడి నూనెకు పెద్దగా పనికిరాదు.

పేజీ పరిచయ భాగంలో `Page transparency` ఉంటుంది. పేజీ ఎప్పుడు తెరిచారు, ముందు ఏ పేరుతో ఉండేది అన్నవి అందులో చూడొచ్చు. ఏదో సినిమా అభిమానుల పేజీ పేరు మార్చి నూనె పేజీ చేసి, «ఆరు నెలల్లో 50,000 ఫాలోవర్లు» అని చూపేవాళ్లు ఇక్కడ దొరికిపోతారు.

స్క్రీన్‌షాట్లకు విలువ ఇవ్వకండి. ఫోన్‌లో అయిదు నిమిషాల్లో అంకె మార్చేయొచ్చు. అసలు ఖాతా తెరిచి చూపమనండి, క్లయింటు గోప్యత అంటే ఆ క్లయింటు నంబరు ఇవ్వమనండి. ఫోన్ చేసి «బాగా చేస్తారా?» అని అడగొద్దు, ఎవరైనా బాగానే చేస్తారంటారు. «పేజీ ఎవరి పేరున ఉంది? యాడ్ డబ్బు మీరే కడతారా? పని బాగాలేని నెల ఏం చేశారు?» ఈ మూడూ అడగండి. మూడో ప్రశ్నకు జవాబు తడుముకోకుండా వస్తే ఆ సంబంధం నిజమైనది.

పెద్ద ఏజెన్సీ అయితే బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటుంది. మొదటి రెండంకెలు రాష్ట్రం: కర్ణాటక 29, తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. బెంగళూరు ఆఫీసు అని చెప్పి నంబరు ఇంకో రాష్ట్రానిదైతే ఎందుకని అడగొచ్చు. ఆ నంబరు జీఎస్టీ పోర్టల్‌లో వేస్తే అది బతికి ఉందో రద్దయిందో కూడా చూపిస్తుంది. ఒంటరి ఫ్రీలాన్సర్‌కు నంబరు లేకపోతే అది నేరమేమీ కాదు. సేవల మీద ఏడాది ఆదాయం 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కానివాళ్లే ఎక్కువ. నంబరు లేకుండా 18 శాతం జీఎస్టీ అని బిల్లులో వేస్తే మాత్రం అది నేరమే.

«ఆరు నెలల ఒప్పందం, మూడు నెలల అడ్వాన్స్»

ఆరు నెలలు అడగడంలో కొంత న్యాయం ఉంది. మొదటి నెల వీడియోలు తీయడంతో, యాడ్ నేర్చుకోవడంతో గడిచిపోతుంది. రెండో నెలకు ఏ వీడియోకు మెసేజ్‌లు వస్తున్నాయో తెలుస్తుంది. మూడో నెలకు గానీ «ఒక మెసేజ్‌కు ఇంత పడుతోంది, పదిలో ఇద్దరు కొంటున్నారు» అన్న మాట ధైర్యంగా అనలేం. నెలలోపే అమ్మకాలు రెట్టింపు కావాలనే యజమాని కూడా అబద్ధపు ఏజెన్సీలను పెంచి పోషిస్తున్నట్టే, ఎందుకంటే నిజం చెప్పినవాణ్ణి వెళ్లగొట్టేది ఆయనే.

మూడు నెలల అడ్వాన్స్ మాత్రం వద్దు. ఒక నెల ఫీజులో సగం ముందు, సగం రిపోర్టు వచ్చాక. పదిహేను రోజుల ముందు చెప్పి ఎవరైనా తప్పుకోవచ్చు. తీసిన వీడియోలు కత్తిరించనివి కూడా గానుగకు ఇచ్చేయాలి. రిపోర్టులో నాలుగు వరుసలు చాలు: యాడ్‌కు ఎంత పోయింది, ఎన్ని మెసేజ్‌లు వచ్చాయి, ఒక్కో మెసేజ్‌కు ఎంత పడింది, వచ్చే నెల ఏం మారుస్తారు. ఎంతమంది కొన్నారన్న అయిదో వరుస ఏజెన్సీ రాయలేదు, అది గానుగ దగ్గర కూర్చున్నవాళ్లే రాసి పంపాలి. అది పంపకపోతే ఎంత మంచి ఏజెన్సీ అయినా గుడ్డిగానే యాడ్ నడుపుతుంది. డబ్బా కట్టేటప్పుడు «మా గురించి ఎక్కడ చూశారు?» అని అడిగి నోటుపుస్తకంలో ఒక అక్షరం వేసుకుంటే చాలు: ఫేస్‌బుక్‌కు ఫే, వాట్సాప్‌కు వా, చుట్టాలు చెబితే చు. మూడు నెలల తర్వాత పుస్తకంలో «చు»లే ఎక్కువుంటే, ఆ 14,000 ఫీజు మానేసి పాత కొనుగోలుదార్లకు పండక్కి అరలీటరు నూనె ఉచితంగా పంపడం గురించి ఆలోచించొచ్చు.